ఎల్ఈడీ లైట్లకి ఏ డిమ్మర్ సరిపోతుంది, కొన్ని ఎందుకు కొట్టుకుంటాయి, ఎందుకు సౌండ్ వస్తుంది

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీలో పాత ఫ్లాట్ అండి. హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయించి 8 వాట్ల ఎల్ఈడీ డౌన్‌లైట్లు 6 పెట్టించాం. బోర్డులో ముందు నుంచి ఉన్న 400 వాట్ల డిమ్మర్ కే కలిపారు. నాబ్ సగం వరకు తిప్పినా వెలుతురు తగ్గట్లేదు, సగం దాటితే లైట్లు కొట్టుకుంటున్నాయి, బోర్డులోంచి జుయ్ మని సౌండ్. ఆఫ్ చేశాక కూడా రెండు లైట్లు మసగ్గా వెలుగుతున్నాయి. ఎలక్ట్రీషియన్ లైట్లు మార్చాలంటున్నాడు, షాపాయన డిమ్మర్ మార్చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు:

ఇద్దరూ సగం సగం కరెక్టే అండి. మీరు రాసినదాన్ని బట్టి నాకైతే లైట్లూ డిమ్మరూ రెండూ పొసగనివే అనిపిస్తోంది, కానీ డబ్బులు పెట్టే ముందు ఒక చిన్న టెస్ట్ ఉంది, అది చేస్తే ఎవరిది తప్పో లైట్లే చెప్పేస్తాయి. నేను వైజాగ్ లోనే ఇళ్ళకీ షాపులకీ లైటింగ్ పనులు చేయిస్తుంటాను, ఈ కంప్లైంట్ ఫాల్స్ సీలింగ్ ఫ్యాషన్ వచ్చిన దగ్గర్నుంచి దాదాపు ప్రతి పాత ఫ్లాట్ లోనూ చూస్తున్నదే. టెస్ట్ చెప్పే ముందు లోపల ఏం జరుగుతోందో కొంచెం అర్థమవ్వాలి, లేదంటే షాపులో వాళ్ళు ఏది చేతిలో పెడితే అది తెచ్చుకుంటారు.

డిమ్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది అని చాలామంది అనుకుంటారు కదా, అలా కాదు. మన ఇంట్లోకి వచ్చే 230 వోల్టుల కరెంటు ఒకే లెవెల్ లో ఉండదు, బీచ్ లో అలలాగా పైకి లేస్తుంది కిందకి పడుతుంది, సెకనుకి 50 సైకిల్స్ అంటే పైకొకటి కిందకొకటి కలిపి 100 అలలు. ఒక్కో అల శిఖరం దగ్గర వోల్టేజీ 230 కాదు, దాదాపు 325. 230 అనేది లెక్కకి తీసుకునే ఒకరకం సగటు అంతే. ఇప్పుడు మీ పాత డిమ్మర్ ఏం చేస్తుందంటే ప్రతి అలలోనూ ముందు భాగాన్ని ఆపేసి మిగతాది మాత్రమే లైట్ కి వదుల్తుంది. నాబ్ ఎంత తగ్గిస్తే అంత ఆలస్యంగా వదుల్తుంది. లోపల ఈ పని చేసేది ట్రయాక్ అనే చిన్న పార్ట్. దీన్ని లీడింగ్ ఎడ్జ్ డిమ్మర్ అంటారు, మన ఇళ్ళల్లో పాత బోర్డుల్లో ఉన్నవన్నీ ఇంచుమించు ఇవే, స్టెప్పులు లేకుండా సాఫీగా తిరిగే ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ల లోపల కూడా ఇంచుమించు ఇదే సర్క్యూట్.

పాత ఫిలమెంట్ బల్బుకి ఈ కోత అస్సలు పట్టదు. తీగ వేడెక్కి వెలుగుతుంది, సెకనుకి 100 సార్లు కోసినా తీగ అంత తొందరగా చల్లారదు కాబట్టి కంటికి సాఫీగా తగ్గినట్టు కనిపిస్తుంది. ఎల్ఈడీకి మాత్రం ముందు ఒక డ్రైవర్ ఉంటుంది, మీ డౌన్‌లైట్ కైతే సీలింగ్ పైన వైరుతో వేలాడే ఆ చిన్న తెల్ల డబ్బా. అది వచ్చిన కరెంటుని డీసీ చేసి ఒక కెపాసిటర్ లో నింపుకుని అక్కడి నుంచి ఎల్ఈడీకి ఎంత కావాలో అంత లెక్కగా ఇస్తుంది. మన దగ్గర వోల్టేజీ ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు కదా, అందుకని ఇక్కడ అమ్మే మామూలు డ్రైవర్లని 100 నుంచి 300 వోల్టుల దాకా ఎంత వచ్చినా వెలుతురు మారకుండా తయారు చేస్తారు, డబ్బా మీద గొప్పగా రాస్తారు కూడా. అదే ఇక్కడ చిక్కు. మీరు డిమ్మర్ తో తగ్గించాలని చూస్తుంటే డ్రైవర్ 'ఓహో లైన్లో వోల్టేజీ పడింది' అనుకుని తగ్గనివ్వకుండా పట్టుకుంటుంది.

మీ నాబ్ సగం వరకు పనిచెయ్యకపోవడానికి కారణం ఇదే. ఆ కెపాసిటర్ నిండేది అల శిఖరం దగ్గరే. డిమ్మర్ అల ముందు భాగాన్ని ఎంత కోసినా శిఖరం రాకముందే వదిలితే కెపాసిటర్ కి 325 వోల్టులూ అందుతూనే ఉంటాయి, డ్రైవర్ కి ఏమీ తగ్గినట్టే లేదు. నాబ్ సగం దాటితే శిఖరం కూడా కోతలో పోతుంది, అప్పటికి గాని డ్రైవర్ కి కరువు మొదలవదు, మొదలయ్యాక కాసేపు లాగి చాలక ఆగిపోతుంది, ఆగితే కెపాసిటర్ మళ్ళీ కొంచెం నిండుతుంది, మళ్ళీ స్టార్ట్ అవుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఇలా ఆగి ఆగి వెలగడమే మీకు కొట్టుకోవడంలా కనిపిస్తోంది. ఆరు డ్రైవర్లూ ఒక్కోటి ఒక్కో టైములో ఆగుతాయి కాబట్టి లైట్లు ఒకదాని తర్వాత ఒకటి మిణుకు మిణుకుమంటాయి.

ఇది లైట్ల వైపు కథ. డిమ్మర్ వైపు ఇంకో కథ ఉంది. ట్రయాక్ ఒకసారి ఆన్ అయ్యాక అందులోంచి కనీసం కొంత కరెంటు ఆగకుండా పోతూ ఉండాలి, రకాన్ని బట్టి కొన్ని మిల్లీ ఆంపియర్ల నుంచి కొన్ని పదుల దాకా, అంతకన్నా తగ్గితే దానంతట అదే ఆఫ్ అయిపోతుంది. ఫిలమెంట్ బల్బు అల మొత్తం పొడుగునా కరెంటు లాగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఎల్ఈడీ డ్రైవర్ శిఖరం దగ్గర గబుక్కున ఒక గుక్క తాగి మిగతా టైమంతా ఏమీ లాగదు. మీ 6 లైట్లు కలిపి 48 వాట్లు, అంటే లెక్కకి 0.2 ఆంపియర్, చూడ్డానికి చాలినంతే ఉంది. కానీ ఆ గుక్కల మధ్యలో అది సున్నా. సున్నా అయితే ట్రయాక్ జారిపోతుంది. పైగా ఎప్పుడు ఆన్ అవ్వాలో లెక్కపెట్టుకునే డిమ్మర్ లోపలి టైమింగ్ కి కూడా కరెంటు లైట్ గుండానే రావాలి, ఎందుకంటే రెండే వైర్ల డిమ్మర్ కి వేరే దారి లేదు. లైట్ ఏమీ లాగకపోతే టైమింగ్ ఒక అలలో ముందుకి ఒక అలలో వెనక్కి జరుగుతుంది, వెలుతురు ఊగుతుంది. అందుకే డిమ్మర్ మీద కనీస లోడ్ అని 40 వాట్లో 60 వాట్లో రాస్తారు, అది ఫిలమెంట్ వాట్లలో రాసిన లెక్క.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 400 వాట్ల డిమ్మర్ కి 48 వాట్లు ఒక మూల కాదు, ఇంకో 20 లైట్లు అయినా మోస్తుంది అని మీ ఎలక్ట్రీషియన్ అనుకుని ఉంటాడు. నిజానికి మీ లోడ్ దానికి తక్కువా అయ్యింది, ఎక్కువా అయ్యింది. తక్కువ ఎందుకో ఇప్పుడే చెప్పాను. ఎక్కువ ఎందుకంటే డిమ్మర్ అల మధ్యలో ఒక్కసారిగా ఆన్ అయినప్పుడు ఖాళీ కెపాసిటర్లు ఆరూ ఒకేసారి కరెంటు గుంజుకుంటాయి, ఆ క్షణంలో పోయే కరెంటు మామూలు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, అది సెకనుకి 100 సార్లు. అందుకని ఫిలమెంట్ కి మాత్రమే వాట్లు రాసిన డిమ్మర్ అయితే అందులో పదో వంతే ఎల్ఈడీకి వాడాలని పనివాళ్ళ లెక్క, అంటే మీ 400 దాన్ని 40 అనుకోవాలి. మీవి 48.

సౌండ్ కూడా ఈ గుంజుడు వల్లే. ఎక్కడి నుంచి వస్తోందో ముందు చెవి పెట్టి చూడండి. బోర్డు దగ్గరైతే డిమ్మర్ లోపల రేడియో డిస్టర్బెన్స్ తగ్గించడానికి పెట్టిన ఒక కాయిల్ ఉంటుంది, కరెంటు కుదుపుకి అది కొట్టుకుంటుంది, మీది అదే. సీలింగ్ వైపు నుంచి వస్తే డ్రైవర్ లోని కాయిలో కెపాసిటరో మోగుతున్నట్టు, ఫాల్స్ సీలింగ్ బోర్డు దాన్ని ఇంకాస్త పెద్దది చేస్తుంది. రెండింటికీ ఒక గుర్తు ఉంది, నాబ్ ఫుల్ లో పెట్టినప్పుడు సౌండ్ తక్కువ, సగం దగ్గర బాగా ఎక్కువ, బాగా తగ్గిస్తే మళ్ళీ తక్కువ. సగం దగ్గరే ఎందుకంటే డిమ్మర్ ఆన్ అయ్యే పాయింట్ అప్పుడు సరిగ్గా శిఖరం మీద పడుతుంది, సున్నా నుంచి 325 కి ఒక్క దూకు. ఈ గుర్తు ఉంటే భయపడక్కర్లేదు. కానీ నాబ్ తో సంబంధం లేకుండా చిటచిటమని ఆగి ఆగి వస్తే, ప్లేట్ వేడిగా ఉంటే, కాలిన వాసన వస్తే అది డిమ్మర్ సమస్య కాదు, లూజ్ కాంటాక్ట్, వెంటనే ఎంసీబీ దించేసి చూపించండి. మన ఊళ్ళో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, లాసన్స్ బే, బీచ్ రోడ్ వైపు ఇళ్ళల్లో ఉప్పు గాలికి హోల్డర్ల లోపల రాగి పచ్చగా అయిపోయి స్క్రూలు పట్టు వదిలేస్తాయి, మీ ఎంవీపీ కూడా సముద్రానికి పెద్ద దూరమేం కాదు కదా.

ఇప్పుడు టెస్ట్. దీనికి కావాల్సింది ఒక 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు, కొంచెం వైరు ఉన్న ఒక హోల్డర్. ఎలక్ట్రీషియన్ నే చెయ్యమనండి, ఎంసీబీ దించి లైన్ డెడ్ అయిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

మొదట డిమ్మర్ ని పక్కన పెట్టి దాని రెండు వైర్లూ మామూలు స్విచ్ కి ఇచ్చి లైట్లు వేయండి. అప్పుడు కూడా కొట్టుకుంటే డిమ్మర్ ని తిట్టి లాభం లేదు, వైరింగ్ లోనో డ్రైవర్ లోనో తేడా ఉంది, ముందు అది చూడాలి. హాయిగా వెలిగితే డిమ్మర్ మళ్ళీ పెట్టండి. తర్వాత ఒక డౌన్‌లైట్ ని స్ప్రింగ్ నొక్కి కిందకి లాగి, దాని డ్రైవర్ కి వచ్చే ఫేజు న్యూట్రల్ మీదే ఈ ఫిలమెంట్ బల్బుని కూడా కలపండి, అంటే ఆరు ఎల్ఈడీలతో పాటు ఇది ఏడోది. ఇప్పుడు నాబ్ మెల్లగా పై నుంచి కిందకి తిప్పుతూ చూడండి. ఫిలమెంట్ బల్బు ఎలాగూ సాఫీగా తగ్గుతుంది, మీరు చూడాల్సింది ఎల్ఈడీలని.

అవి కూడా సాఫీగా తగ్గాయి, కొట్టుకోవడం పోయింది అంటే మీ లైట్లు డిమ్మింగ్ కి పనికొచ్చేవే, డిమ్మర్ కి లోడ్ చాలకపోవడమే జబ్బు. షాపాయన గెలిచాడు. అలా కాకుండా ఫిలమెంట్ తగ్గుతున్నా ఎల్ఈడీలు సగం వరకు కదలకుండా ఉండి ఆ తర్వాత కొట్టుకోవడమో ఠక్కున ఆరిపోవడమో జరిగితే డ్రైవర్లే డిమ్మింగ్ కి చేసినవి కావు, ఎంత ఖరీదైన డిమ్మర్ తెచ్చినా బాగుపడవు. ఎలక్ట్రీషియన్ గెలిచాడు. మీరు రాసిన లక్షణాలు అచ్చం ఈ రెండోదే. కిందకి లాగినప్పుడు డ్రైవర్ లేబుల్ కూడా చదవండి, డిమ్మబుల్ అని స్పష్టంగా రాసి లేకపోతే కాదనే అర్థం, 'ఏమీ రాయలేదు కదా అవ్వొచ్చేమో' అనే ఆశ పెట్టుకోవద్దు.

కొందరు ఆ ఫిలమెంట్ బల్బుని అలాగే సీలింగ్ లోపల దాచేసి వదిలేస్తుంటారు, లైట్లు నిలబడ్డాయి కదా అని. దయచేసి ఆ పని చెయ్యనివ్వకండి. 60 వాట్ల వేడి, పైన జిప్సం, పక్కన వైర్లు, గాలి ఆడదు. టెస్ట్ వరకే అది.

ఫిలమెంట్ తగిలించి ఉన్నప్పుడు ఆఫ్ చేసి చూడండి, మసగ్గా వెలిగే ఆ రెండు లైట్లు పూర్తిగా ఆరిపోయాయంటే అది కేవలం లీకేజీ కరెంటు, చాలా కొంచెం, అది ఇప్పుడు ఫిలమెంట్ గుండా సులువుగా పోతోంది కాబట్టి ఎల్ఈడీలకి మిగలట్లేదు. ఫిలమెంట్ బల్బుల కాలంలో కూడా ఈ లీకేజీ ఉండేది, అవి ఆ మాత్రానికి వెలగవు కాబట్టి మనకి తెలిసేది కాదు. ఎక్కడి నుంచి వస్తుందంటే, స్విచ్ ఆఫ్ లో ఉన్నప్పుడు వెలిగే ఇండికేటర్ ఉందనుకోండి, ఆ చిన్న లైట్ వెలిగేది మీ డౌన్‌లైట్ల గుండా వచ్చే కరెంటుతోనే. లేదంటే టచ్ డిమ్మర్లలో ఆఫ్ అంటే నిజంగా తెగడం కాదు, లోపల కొంచెం పోతూనే ఉంటుంది. లేదంటే ఒకే పైపులో పక్కపక్కన పొడుగ్గా పోయే వైర్ల నుంచి అంటుకునే కరెంటు. ఇవేవీ ప్రమాదం కావు. ప్రమాదమైనది ఇంకోటి ఉంది, స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద పెట్టడం. అలా ఉంటే స్విచ్ ఆఫ్ చేసినా లైట్ దాకా ఫేజు వచ్చి కూర్చుంటుంది, లైట్ మారుద్దామని చెయ్యి పెట్టినవాడికి షాక్. పాత ఫ్లాట్లలో ఇది అరుదేం కాదు, బోర్డు తెరిచి స్విచ్ కి వచ్చేది ఫేజో కాదో తప్పకుండా చూడమనండి.

సరే, కొనే దగ్గరికి వద్దాం. డిమ్మబుల్ అని రాసిన డ్రైవర్ లో తేడా ఏంటంటే అది అలలో ఎంత కోత పడిందో కనిపెట్టి దాన్ని ఆర్డర్ లాగా తీసుకుంటుంది, సగం కోస్తే ఎల్ఈడీకి ఆ మేరకు తక్కువ ఇస్తుంది. ట్రయాక్ జారిపోకుండా గుక్కల మధ్యలో కూడా కావాలని కొంచెం కరెంటు లాగే ఏర్పాటు కూడా చాలావాటిలో ఉంటుంది. డౌన్‌లైట్ మొత్తం మార్చక్కర్లేకుండా డ్రైవర్ ఒక్కటే మార్చడం కూడా కుదురుతుంది, కానీ పాత డ్రైవర్ లేబుల్ మీద అవుట్‌పుట్ ఎన్ని మిల్లీ ఆంపియర్లు, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టులు అని ఉంటుంది చూడండి, కొత్తదాని మిల్లీ ఆంపియర్లు అంతే ఉండాలి, వోల్టుల రేంజ్ లో మీ లైట్ పడాలి. వాట్లు కలిశాయి కదా అని తెచ్చేస్తే, ఎక్కువ కరెంటు డ్రైవర్ పెట్టి లైట్ ని కొన్నాళ్ళకే మాడ్చుకున్నవాళ్ళు ఉన్నారు. అంత లెక్క చూసుకునే ఓపిక లేకపోతే 6 డిమ్మబుల్ డౌన్‌లైట్లు సెట్టుగా కొనడమే నయం.

డిమ్మర్ విషయానికొస్తే ట్రెయిలింగ్ ఎడ్జ్ అని రాసిన దాన్ని తీసుకోండి, కొన్నింటి మీద కేవలం ఎల్ఈడీ డిమ్మర్ అనే ఉంటుంది, కాటలాగ్ లో గాని లోపలి కాగితం మీద గాని ఏ రకమో దొరుకుతుంది. ఇది అల సున్నా దగ్గర మొదలవ్వగానే ఆన్ అయిపోయి చివరి భాగాన్ని కోస్తుంది. దూకు ఉండదు, కెపాసిటర్లు అలతో పాటే మెల్లగా నిండుతాయి, అందుకే సౌండ్ దాదాపు ఉండదు. లోపల ట్రయాక్ బదులు ట్రాన్సిస్టర్లు ఉంటాయి కాబట్టి కరెంటు తగ్గితే జారిపోయే సమస్య కూడా లేదు. కాకపోతే డిమ్మబుల్ డ్రైవర్లలో కొన్ని లీడింగ్ ఎడ్జ్ కోసమే చేసినవి ఉంటాయి, అవి దీనితో సరిగ్గా నడవకపోవచ్చు, లైట్ కాగితం మీద ఏ డిమ్మర్ తో వాడాలో రాసి ఉంటే అదే ఫైనల్. రెండు రకాలుగానూ మార్చుకునే డిమ్మర్లు కూడా వస్తున్నాయి, ధర ఎక్కువే గానీ ఏ లైట్ ఎలా ఉంటుందో తెలియనప్పుడు తల నొప్పి ఉండదు.

వాట్ల దగ్గర డబ్బా మీద పెద్ద అక్షరాల నంబర్ చూడకండి, ఎల్ఈడీకి వేరే నంబర్ రాసి ఉంటుంది, అందులో కనీసం ఎంత, గరిష్ఠం ఎంత రెండూ చూడాలి. మీ 48 వాట్లు ఆ రెండింటి మధ్య ఎక్కడో నడిమిన పడాలి. ఉదాహరణకి 5 నుంచి 100 వాట్ల ఎల్ఈడీ అని ఉన్నది మీకు చక్కగా సరిపోతుంది, 5 నుంచి 50 అని ఉన్నది లెక్కకి సరిపోయినా నేను తీసుకోను, రేపు ఇంకో లైట్ కలిపితే దాటిపోతుంది, పైగా మన బోర్డు బాక్సుల్లో రెండు సాకెట్లు ఆరు స్విచ్‌ల మధ్య ఇరుక్కుని ఉంటుంది, వేడి పోయే దారి ఉండదు. ఎల్ఈడీ నంబరే లేని డిమ్మర్ ని ఎంత మంచి పేరున్నా వదిలేయండి.

న్యూట్రల్ కూడా తగిలించే డిమ్మర్ దొరికితే ఇంకా మంచిది. పైన చెప్పిన టైమింగ్ తప్పే సమస్య దానికి రాదు, తనకి కావాల్సిన కరెంటు న్యూట్రల్ నుంచి నేరుగా తీసుకుంటుంది, లైట్ మీద ఆధారపడదు. మన ఇళ్ళల్లో ఒక సదుపాయం ఏంటంటే స్విచ్ బోర్డులోనే సాకెట్ ఉంటుంది కాబట్టి న్యూట్రల్ అక్కడే ఉంటుంది, కొత్త వైరు లాగక్కర్లేదు. అయితే ఆ సాకెట్ న్యూట్రల్ మీ లైట్ల లైన్ కి సంబంధించినదే అయ్యుండాలి, పక్క లైన్ ది తీసుకుంటే ఈఎల్‌సీబీ ట్రిప్ అయి కూర్చుంటుంది.

డాబాగార్డెన్స్ వైపో జగదాంబ వైపో షాపుకి వెళ్ళినప్పుడు ఆరూ ఒకేసారి బిల్లు వేయించకండి, తిరిగి తీసుకుంటారా అని ముందే అడిగి డిమ్మర్ ఒకటి, లైట్ ఒకటి తెచ్చి చూడండి. ఒక్క లైట్ తో బాగుంటే మిగతావి తెచ్చి ఆరూ పెట్టి మళ్ళీ చూడండి, ఎందుకంటే ఒక్కటే ఉన్నప్పుడు లోడ్ చాలక కొట్టుకున్నవి ఆరు పెడితే నిలబడొచ్చు, ఒక్కదానితో నిశ్శబ్దంగా ఉన్న డిమ్మర్ ఆరింటితో మోగొచ్చు. ఒకే కంపెనీ లైట్, ఒకే బ్యాచ్ అయితే మేలు, రెండు రకాలు కలిపితే ఒకటి ముందు తగ్గుతుంది ఒకటి తర్వాత, హాల్ చూడ్డానికి బాగోదు. షాపు కౌంటర్ మీద డెమో బోర్డులో బాగుంది కదా అంటే సరిపోదు, అక్కడ ఉన్నది ఏ డ్రైవరో మీకు తెలీదు.

ఇంకో మాట, డబ్బా మీద 10 శాతం వరకు తగ్గుతుంది అని ఉంటే మురిసిపోకండి. మన కంటి లెక్క వేరు, మీటర్ లెక్క వేరు, మీటర్ లో 10 శాతం వెలుతురు కంటికి ఇంచుమించు మూడో వంతులా కనిపిస్తుంది. భోజనాల దగ్గరకి అది చాలు, రాత్రి సినిమా చూసేటప్పుడు మసక కావాలంటే ఇంకా బాగా తగ్గేది, 1 శాతం దాకా వెళ్ళేది చూడాలి. పాత బల్బులా తగ్గే కొద్దీ పసుపు అవ్వాలని ఆశ ఉంటే అది కూడా మామూలు ఎల్ఈడీల్లో రాదు, తెలుపు తెలుపుగానే మసగ్గా అవుతుంది, అలా రంగు మారేవి వేరే రకం, అడిగి తీసుకోవాలి.

పెట్టాక ఒక సెట్టింగ్ ఉంటుంది, చాలామంది ఎలక్ట్రీషియన్లు దాన్ని ముట్టుకోరు. డిమ్మర్ ముందు ప్లేట్ తీస్తే ఒక చిన్న స్క్రూ గాని, కొన్నింటిలో బటన్లు నొక్కి చేసే పద్ధతి గాని ఉంటుంది, నాబ్ చివరిదాకా తగ్గిస్తే వెలుతురు ఎంత దగ్గర ఆగాలో అది చెప్తుంది. నాబ్ బాగా తగ్గించి లైట్లు వణికే దాకా స్క్రూ తిప్పి, అక్కడి నుంచి వణుకు పోయే దాకా వెనక్కి తిప్పి, ఇంకొంచెం వెనక్కి పెట్టి వదిలేయండి. అయిపోలేదు, అక్కడే స్విచ్ ఆఫ్ చేసి కాసేపు ఆగి మళ్ళీ ఆన్ చెయ్యండి. వెలుగుతూ ఉన్న డ్రైవర్ తక్కువలో నిలబడినా ఆరిపోయినది అంత తక్కువలో స్టార్ట్ అవ్వలేకపోవచ్చు, ఆరింటిలో నాలుగే వెలిగితే స్క్రూ ఇంకొంచెం పెంచాలి. ఈ పని వీలైతే ఎండాకాలం రాత్రి ఎనిమిది తొమ్మిదింటికి చెయ్యండి, అందరి ఇళ్ళల్లో ఏసీలు ఆన్ అయ్యి వోల్టేజీ తక్కువలో ఉండే టైము అది, అప్పుడు నిలబడితే ఎప్పుడైనా నిలబడుతుంది.

నన్నడిగితే మాత్రం, డిమ్మర్ మీకు నిజంగా కావాలా అని ఒకసారి ఆలోచించండి. 6 లైట్లని మూడు మూడుగా రెండు స్విచ్‌ల మీదకి విడగొడితే పాత లైట్లే వాడుకోవచ్చు, ఖర్చు కొంచెం వైరు, ఒక స్విచ్. టీవీ వైపు మూడు ఆర్పేసి వెనక మూడు ఉంచుకోవడం, హాల్లో చాలామందికి కావాల్సింది అంతే. ఫోన్ తో తగ్గించే స్మార్ట్ లైట్లు కూడా ఉన్నాయి, అవైతే వాటి తగ్గింపు వాటిలోనే ఉంటుంది, బోర్డులో డిమ్మర్ తీసేసి మామూలు స్విచ్ పెట్టాలి, డిమ్మర్ మీదే వాటిని పెడితే మళ్ళీ ఇదే గోల. ఫాల్స్ సీలింగ్ అంచుల్లో స్ట్రిప్ లైట్ కూడా ఉంటే దాన్ని కూడా ఈ డిమ్మర్ కి కలపొద్దు, దానికి 12 లేదా 24 వోల్టుల సప్లై తర్వాత పెట్టే వేరే డిమ్మర్ ఉంటుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ ఖాళీగా ఉంది కదా అని ఏ లైట్ కీ వాడొద్దు, కొత్త స్టెప్ రెగ్యులేటర్లలో కెపాసిటర్లు ఉంటాయి, అవి ఫ్యాన్ కి తప్ప ఇంకెందుకూ కావు.

చివరగా ఇన్వర్టర్. హుద్‌హుద్ తర్వాత మన ఊళ్ళో ఇన్వర్టర్ లేని ఫ్లాట్ తక్కువే, హాల్ లైట్లు చాలా ఇళ్ళల్లో దాని మీదే ఉంటాయి. మీది ప్యూర్ సైన్ వేవ్ అయితే కొత్త డిమ్మర్ తో పేచీ ఉండదు. స్క్వేర్ వేవ్ అని రాసిన పాతది అయితే అందులోంచి వచ్చేది అల కాదు, నిటారుగా లేచి నిటారుగా పడే మెట్టు, డిమ్మర్ కోత ఎక్కడ పెట్టుకోవాలో డ్రైవర్ దాన్ని ఎలా చదవాలో రెండింటికీ అర్థం కాదు, మంచి డిమ్మర్ మంచి లైట్ అయినా కరెంటు పోయినప్పుడు మాత్రం మోగుతాయి, కొట్టుకుంటాయి. మొన్న మొన్ననే మార్చిన డిమ్మర్ పాడైందని వెనక్కి తెచ్చే కేసుల్లో ఇది ఒకటి, కాబట్టి ఎప్పుడు కొట్టుకుంటున్నాయో, మెయిన్ మీదా ఇన్వర్టర్ మీదా అని ముందు గమనించండి. ఇన్వర్టర్ ఇప్పుడే మార్చే ఉద్దేశం లేకపోతే ఈ ఆరు లైట్ల లైన్ ని ఇన్వర్టర్ నుంచి తీసేయించి, దాని బదులు హాల్లో గోడ మీద ఒక మామూలు ఎల్ఈడీ బల్బు ఇన్వర్టర్ కి ఇప్పించండి, కరెంటు వచ్చేదాకా అది సరిపోతుంది.